అప్‌డేట్: ఫోటోలో జుట్టు రంగు మార్చిన అమ్మాయి కథ

నా పాత ప్రశ్న: "కథ రాస్తున్నా. అమ్మాయి బర్గండీ జుట్టుని ఫోటోలో నల్లగా మార్చి డల్లాస్‌లో ఉన్న మేనత్తకి పంపుతుంది, నెల తర్వాత అక్కడికే వెళ్తుంది. అత్తకి ఎలా తెలియాలి?"

అప్‌డేట్ ఇదిగో. ఊరికే ఊహించి రాయకుండా మా చెల్లెలి ఫోటో మీద ఫోన్‌లోనే ట్రై చేశా, దానిదీ బర్గండీనే. ముందు మొత్తం ఎరుపు స్లైడర్‌లో సాచురేషన్ తగ్గిస్తే జుట్టుతో పాటు పెదాలు కూడా పాలిపోయి జ్వరం వచ్చిన మొహంలా అయింది. సరే అని జుట్టు వరకే బ్రష్‌తో సెలెక్ట్ చేసి తగ్గించా, అప్పుడు నలుపు రాలేదు, బూడిద రంగు వచ్చింది, ఎందుకంటే సాచురేషన్ రంగుని తీసేస్తుందే గానీ వెలుగుని తగ్గించదు కదా. బ్రైట్‌నెస్ కూడా దించితే నల్లబడింది గానీ మెరుపు పోయి హెల్మెట్ పెట్టినట్టుంది, చెవి దగ్గర సన్న వెంట్రుకలు మాత్రం ఎర్రగానే మిగిలాయి.

అసలు దొరికింది జడలో. బ్రష్ పూల మీదకి కూడా పోయింది, తిరుపతిలో పొద్దున కొన్న కనకాంబరాలు నల్లగా మాడిపోయినట్టు అయిపోయాయి!

కథకి అదే వాడేశా. అత్త ఫోన్‌లో ఏమీ అనదు. ఎయిర్‌పోర్ట్‌లో ఎర్ర జుట్టు చూసి, జడ పట్టుకుని, "ఏం పాపా, మనూర్లో కనకాంబరాలు ఇప్పుడు నల్లగా పూస్తా ఉండాయా?" అంటుంది.