నాన్నగారికి మంట తగ్గింది, మళ్లీ ఎండోస్కోపీ అవసరమా?

బొబ్బిలి వీణ: నాన్నగారికి 58 ఏళ్లు. పదిహేనేళ్లుగా గుండెల్లో మంట, పులితేన్పులు. నిరుడు విశాఖలో ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో బారెట్స్ ఉంది, క్యాన్సర్ లేదు అన్నారు. మాత్రలతో మంట పూర్తిగా పోయింది. అయినా ఏటా రమ్మంటున్నారు. వెళ్లాలా? తమ్ముడు డబ్బు దండగ అంటున్నాడు.

ఆమదాలవలస: మీ తమ్ముడిదే సరైన మాట. నాకూ ఇరవై ఏళ్ల గ్యాస్ బాధ. మాత్ర వేసుకుంటే లోపలి పుండు మానుతుంది, మంట పోవడమే దానికి గుర్తు. ఇక గొట్టం వేయించుకోవడం దేనికి?

నాగావళి తీరం: పదకొండేళ్లుగా ఎండోస్కోపీ గదిలో పనిచేస్తున్నాను. పుండు మానుతుందన్నది నిజమే. కానీ బారెట్స్ పుండు కాదు. అన్నవాహిక లోపలి పొర తెరమీద ముత్యంలా తెల్లగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆమ్లం ఎగదన్నితే, కింది కొసన ఆ పొర పోయి, పేగు పొరను పోలినది పుట్టుకొస్తుంది. ఉడికిన రొయ్య రంగులో నాలుకల్లా పైకి పాకి ఉంటుంది. ఈ కొత్త పొర ఆమ్లానికి ఓర్చుకుంటుంది, అందుకే చాలామందికి మంట తగ్గుతుంది. మాత్రలు వాపును తగ్గిస్తాయి గానీ, మారిన పొరను సాధారణంగా వెనక్కి తేలేవు. కాబట్టి మంట పోవడం బారెట్స్ పోయిందనడానికి సాక్ష్యం కాదు.
వీణగారూ, రిపోర్టులో సెంటీమీటర్ల లెక్క ఉంటుంది, చూసి చెప్పండి.

పాలకొండ: మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని. అంగిట్లో క్యాన్సర్ వచ్చి పోయింది. ఆవిడకు ఏనాడూ గుండెల్లో మంట లేదు. ముందే ఎండోస్కోపీ చేయించి ఉంటే దక్కేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాగావళి తీరం: అలా బాధపడకండి. అది అంగిలికి నిప్పు వేడి, పొగ తగిలి వచ్చేది. నోరు తెరిపించి చూస్తేనే తెలుస్తుంది. మన దేశంలో అన్నవాహికకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ కూడా పొగాకు, సారాతో ముడిపడిన వేరే రకం. బారెట్స్ నుంచి వచ్చేది గ్రంథి కణాల క్యాన్సర్, కింది కొసన పుడుతుంది.

బొబ్బిలి వీణ: పళ్ల నుంచి 38 సెంటీమీటర్ల దగ్గర జీర్ణాశయం మడతలు మొదలు, 36 దగ్గర రంగు మారింది అని ఉంది. పక్కన సీ0 ఎం2. బయాప్సీలో పేగు తరహా పొర, డిస్‌ప్లేసియా లేదు.

నాగావళి తీరం: 38లోంచి 36 తీసేస్తే రెండు. సీ0 అంటే చుట్టూ పూర్తిగా కమ్ముకోలేదు, ఎం2 అంటే ఒక నాలుక మాత్రం రెండు సెంటీమీటర్లు పాకింది. డిస్‌ప్లేసియా లేకుండా, అంటే కణాల అమరిక చెడకుండా, మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే ఐదేళ్లకోసారి, మూడు లేదా అంతకు మించితే మూడేళ్లకోసారి చూడమని 2022 నాటి అమెరికా వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏటా అక్కరలేదు. ఈ దశలో ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరు ముగ్గురికి క్యాన్సర్ రావచ్చు, పొట్టి నాలుకకు ఇంకా తక్కువ.

రాజాం: ఐదేళ్లకు మాత్రం ఎందుకు? బ్రిటన్‌లో 3,400 మందికి పైగా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రెండేళ్లకోసారి, మరో జట్టుకు లక్షణాలు కనిపించినప్పుడే ఎండోస్కోపీ చేశారు. 2025లో ఫలితాలు వచ్చాయి. ఆయుష్షులో తేడా లేదు.

నాగావళి తీరం: కొట్టిపారేయలేని మాట. రెండు జట్లలోనూ క్యాన్సర్ వచ్చినవారు కొద్దిమందే, ఎక్కువమంది ఇతర జబ్బులతో పోయారు. కానీ డిస్‌ప్లేసియా దశలో దొరికితే, గొట్టంలోంచే ఆ పొరను కాల్చి తీసేయవచ్చు. ముదిరాక దొరికితే అన్నవాహికనే కోసి తీయాల్సి వస్తుంది. ఆ తేడా నేను గదిలో చూస్తున్నాను.
వీణగారూ, బయాప్సీకి ఎన్ని ముక్కలు తీశారు?

బొబ్బిలి వీణ: ఒక సీసా, ఒకే ముక్క అని రాసి ఉంది.

నాగావళి తీరం: అయితే ఐదేళ్ల లెక్క పక్కన పెట్టండి. ప్రతి రెండు సెంటీమీటర్లకూ నాలుగు దిక్కులా నాలుగు ముక్కలు తీయాలి. చెడిన కణాలు చిన్న మచ్చలా దాగి ఉంటాయి, ఒక్క ముక్కతో లేవని తేల్చలేం. మాత్రలు ఆపకుండా, పరగడుపున తిండికి అరగంట ముందు వేయిస్తూ, మరోసారి సరిగ్గా చేయించండి. వాపు మిగిలి ఉంటే పరీక్షించేవారికి అది డిస్‌ప్లేసియాలా కనిపించి గందరగోళం అవుతుంది.

రాజాం: ఆ ఒక్కసారికి ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఐదేళ్లకోసారి అన్నదానికి కాదు.

నాగావళి తీరం: సరే. ఒకటి మరిచాను. ముద్ద మింగడంలో ఏమైనా ఇబ్బంది ఉందా? ఆయన చెప్పకపోవచ్చు, పక్కన కూర్చుని తినేవారిని అడగండి.

బొబ్బిలి వీణ: అమ్మను అడిగాను. రెండు నెలలుగా చపాతీ మానేశారట. అన్నంలో మజ్జిగ పలుచగా కలుపుకుని, ముద్దముద్దకూ నీళ్లు తాగుతున్నారట. వయసు వల్ల అనుకుందట.

నాగావళి తీరం: ఇది ఇక గడువుల విషయం కాదు. పాత వాపు మానిన చోట అన్నవాహిక ఇరుకై ఉండవచ్చు, మరొకటీ కావచ్చు. ఈ వారమే తీసుకెళ్లండి, పాత రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.

బొబ్బిలి వీణ: సోమవారం పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాం. తమ్ముడూ వస్తున్నాడు.