ముక్కలు చేసిన జవాబు పత్రాలకు సగం రేటేనా? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి గుమాస్తా: పాత జవాబు పత్రాలు 500 కిలోల దాకా అమ్మాలి. మార్కులు బయటపడకూడదని సగం మిషన్లో వేసి ముక్కలు చేసి బస్తాలకెత్తాం. మిగతా సగం కట్టలుగానే ఉంది, అందులో ఓ 100 కిలోలు వానకి తడిశాయి. కాటా దగ్గర ముక్కలకి సగం రేటు, తడిసినవాటికి 40 కిలోల తరుగు అంటున్నారు. కాగితం ఒకటే కదా, ఇంత తేడా ఏమిటి?

జయపురం ప్రెస్సు: ముక్క చేస్తే పోగు తెగిపోతుందండీ. పొట్టి పోగుతో గట్టి కాగితం రాదు. అందుకే మిల్లులకి అక్కర్లేదు.

గుణుపురం గోదాం: అది సగమే నిజం. రాత కాగితంలో ఎక్కువగా నీలగిరి, సుబాబుల్ లాంటి కట్టె పోగు ఉంటుంది. దాని పొడవు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మిషన్ 6 మిల్లీమీటర్ల పట్టీలుగా కోస్తే, కత్తి పడిన గీత మీది పోగులే తెగుతాయి, మధ్యలోవి అలాగే ఉంటాయి. అడ్డంగా కూడా కోసి రవ్వ చేసే మిషన్ అయితే నష్టం బాగా పెరుగుతుంది.

రేటు పడేది ముఖ్యంగా ఏరడం కుదరకపోవడం వల్ల. కట్టగా ఉంటే రంగు అట్ట, కార్బన్ కాగితం, ప్లాస్టిక్ కవరు చేత్తో లాగేస్తాం. ముక్కలయ్యాక గుప్పెడు తీసి చూడండి: తెల్లవాటి మధ్య గులాబీ ముక్క, ఫైలు అట్ట ముక్క, టేపు ముక్క. వాటిని ఎవరు ఏరతారు? కొనేవాడు అధ్వాన్నమైనదే లోపల ఉందనుకుని కలగలుపు రేటు కడతాడు. పైగా బేలు కట్టాక తీగల సందుల్లోంచి రాలిపోతాయి. బస్తాల్లోనే పంపితే లారీ నిండుతుంది గానీ బరువు ఎక్కదు.

మీ బస్తాల్లో తెల్ల కాగితం తప్ప ఇంకేదీ వేయకపోతే, రెండు మూడు బస్తాలు అక్కడే కుమ్మరించి చూపించి, రేటు పెంచమని అడగండి. మిగిలిన సగం మాత్రం మిషన్లో వేయకండి. పేరు, నెంబరు, మార్కులు మొదటి పేజీ మీదే ఉంటే ఆ పేజీ ఒక్కటే చింపి ముక్కలు చేయండి. తక్కినదంతా కట్టగా అమ్మొచ్చు.

బరంపురం చదువరి: ముక్కలు వానపాముల ఎరువుకి బాగా పనికొస్తాయి కదా, అమ్మడం ఎందుకు?

పర్లాకిమిడి గుమాస్తా: ఎరువు గురించి కాదండీ, ఆఫీసు లెక్కలో డబ్బు చూపించాలి. పిన్నులు కూడా పీకాలా? రాయగడ మిల్లు దగ్గరే కదా, నేరుగా ఇస్తే?

గుణుపురం గోదాం: పిన్నులు వదిలేయండి, గుజ్జు తొట్టి దాటాక బరువుకి అడుగున పడిపోతాయి. రాయగడది కట్టె నుంచి గుజ్జు తీసే మిల్లు. మన చెత్త కాగితం వేరే మిల్లులకి పోతుంది.

ఇక తరుగు. మామూలు కాగితంలోనూ తేమ ఉంటుంది. 10 శాతం దాకా ఒప్పుకునే లెక్క పట్టుకుందాం. తడిసిన కట్ట మధ్యలోంచి 100 గ్రాములు తీసి, 105 డిగ్రీల ఓవెన్లో బరువు ఇక తగ్గనంత వరకు ఉంచి తూస్తే 72 గ్రాములు వచ్చిందనుకోండి. అంటే మీ 100 కిలోల్లో పొడి సరుకు 72 కిలోలు. దాన్ని 0.9తో భాగిస్తే 80. కాబట్టి 20 కిలోల తరుగు న్యాయం. 40 కోస్తే ఆ లెక్క చూపించమనండి. తేమ చూసే సూదుల మీటరు పెడితే అంచున కాదు, కట్ట మధ్యలో గుచ్చమనండి. అంచులు ముందే ఆరిపోతాయి.

కానీ నాలుగు రోజులు కట్టి ఉంచితే సంగతి వేరు. లోపల వేడెక్కి బూజు పడుతుంది. విప్పితే ముక్కిన వాసన, నల్ల చుక్కలు. ఎండబెడితే నీరు పోతుంది గానీ చుక్కలు పోవు, తెల్ల కాగితం కింద ఎవరూ తీసుకోరు. ఇవాళే తాళ్లు విప్పి పల్చగా పరవండి.

జయపురం ప్రెస్సు: మరి మా పెళ్లికార్డుల కోతలు? ఆర్టు పేపరే, ఖరీదైనది. అయినా వద్దంటున్నారు.

గుణుపురం గోదాం: మెరిసేదంతా ఒకటి కాదు. మూల పట్టుకుని మెల్లగా చింపండి. అంచు తెల్లగా నూగులా తెగితే అది సుద్ద పూత, అమ్మొచ్చు. కాకపోతే బరువులో పావు వంతుకు పైగా సుద్దే ఉండొచ్చు కాబట్టి గుజ్జు తక్కువ దిగుతుంది. చింపేటప్పుడు పల్చటి పొర సాగుతూ వస్తే లామినేషన్. తొట్టిలో ఓ 20 నిమిషాలు తిప్పితే మామూలు కాగితం విడిపోతుంది. పొర ఉన్నదానికి ఆ వైపు నుంచి నీరు దిగదు. పొర పీలికలుగా చిరిగి, పోగుని అంటించుకుని జల్లెడ కన్నాలకి అడ్డం పడుతుంది. పీలికలతో పాటు మంచి పోగూ చెత్తలోకి పోతుంది. లామినేషన్ వేయకముందు కోతలు ఒక బస్తా, వేశాక కోతలు ఇంకో బస్తా పెట్టండి. మొదటిదానికి మంచి రేటు వస్తుంది.

జయపురం ప్రెస్సు: యూవీ వార్నిష్ వేసినవి? వాటికి పొర ఉండదు కదా, మొదటి బస్తాలోనే వేస్తాను.

గుణుపురం గోదాం: పొర సాగదు నిజమే. కానీ ఆ వార్నిష్ గట్టి రేకులుగా పగిలి, సిరాతో కలిసి కాగితం మీద చుక్కలవుతుంది. వేరే బస్తాలో పెట్టండి.

జయపురం ప్రెస్సు: అట్టపెట్టెల మిల్లుకి చుక్కలుంటే నష్టమేమిటి? కొంటున్నారు కదా.

గుణుపురం గోదాం: అక్కడికైతే సరే. రాత కాగితం చేసేవాళ్ల లోడులో కలిస్తే మాత్రం లోడంతా వెనక్కి పంపొచ్చు.