లాటరల్ రైజ్‌లో కొంచెం ముందుకు వంగాలా, నిటారుగా ఉండాలా?

ఎంవీపీ కుర్రోడు:
ఏడున్నర కిలోల డంబెల్స్‌తో చేతులు పక్కలకి ఎత్తే లాటరల్ రైజ్ చేస్తుంటే ముందు భుజమే మండుతోంది. సైడ్ మాత్రం పెరగట్లేదు. కొంచెం ముందుకు వంగమని ట్రైనర్ అంటాడు, వంగొద్దని ఫ్రెండ్ అంటాడు. ఎవరి మాట వినాలి?

గాజువాక ఐరన్:
వంగొద్దు తమ్ముడూ. వంగితే అది రియర్ డెల్ట్, అంటే వెనక భుజం ఎక్సర్‌సైజ్ అయిపోతుంది. రియర్ చేసేటప్పుడు మనం వంగే కదా చేస్తాం! సైడ్ కావాలంటే స్తంభంలా నిలబడాల్సిందే.

సీతమ్మధార ఫిజియో:
వంగేకొద్దీ పని వెనక్కి పోతుందన్నది నిజమే అన్నా. కానీ ఎంత వంగితే ఎంత పోతుందో చూడాలి.

ముందుగా భుజం కండలోని మూడు భాగాలూ చేత్తో పట్టి చూడండి. ఎడమ అరచేతిని కుడి భుజం మీద టోపీలా బోర్లించండి. గోడ పక్కన నిలబడి కుడి చేతి వెనక వైపుతో గోడను పక్కకి నెడితే అరచేతి మధ్యలో ఒక కండ గట్టిపడుతుంది, అది సైడ్. గోడకు ఎదురుగా తిరిగి పిడికిలితో నెడితే మీ అరచేతి మొదలు కింద గట్టిపడేది ఫ్రంట్. గోడకు వీపు పెట్టి చేత్తో వెనక్కి నెడితే వేళ్ల చివర్ల కింద రియర్ తెలుస్తుంది. ఫ్రంట్ కాలర్ బోన్ బయటి కొస నుంచి వస్తుంది, సైడ్ భుజం కొన మీది ఎముక నుంచి, రియర్ వీపు మీది రెక్క ఎముక గట్టు నుంచి. మూడూ కలిసేది మాత్రం జబ్బ ఎముక మీద, బయటి వైపు మధ్యలో ఒకే చోట. అందుకే బరువు చేతిని ఎటు లాగుతుందో, దానికి ఎదురుగా ఉన్న భాగానికి పని పడుతుంది.

నిటారుగా ఉంటే బరువు మొత్తం పాదాల వైపే లాగుతుంది. పదిహేను డిగ్రీలు ముందుకు వంగారనుకోండి. బరువు నేల వైపే లాగుతుంది, కానీ మీ ఒళ్లు తిరిగింది. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చేసరికి ఏడున్నర కిలోల లాగుడు దాదాపు 7.2 కిలోలు పాదాల వైపు, 1.9 కిలోలు ఛాతీ ముందుకీ పడుతుంది; దిశలు వేరు కాబట్టి మామూలుగా కూడితే ఏడున్నర రాదు. ముందుకు లాగేదాన్ని ఆపాల్సింది రియర్, సైడ్‌లో వెనక సగం. ఫ్రంట్ లాగేదీ ముందుకే కాబట్టి దాని సాయం అక్కర్లేదు. పెద్ద వాటా ఇంకా సైడ్‌దే. 45 డిగ్రీలు వంగితే రెండు వైపులా 5.3 చొప్పున వస్తుంది. గాజువాక అన్న చెప్పేది అక్కడ సరిపోతుంది.

ఇది బరువు లాగే దిశ లెక్క మాత్రమే, కండలు పనిని సరిగ్గా ఇదే నిష్పత్తిలో పంచుకుంటాయని కాదు. ఇంకో మాట: బరువు ఎక్కువై ఊపుతూ వెనక్కి వాలితే ఇదంతా తిరగబడి పని ఫ్రంట్ మీద పడుతుంది. మీ ఇబ్బంది అదేనేమో, పక్క నుంచి ఒక వీడియో తీయించుకోండి.

బీచ్‌రోడ్ వాకర్:
నాకు 54 ఏళ్లండి, షుగర్ ఉంది. మూడు నెలలుగా చొక్కా వేసుకుంటుంటే కుడి చెయ్యి వెనక్కి వెళ్లట్లేదు. ఈ వంగి చేసేది చేస్తే వదులవుతుందా?

సీతమ్మధార ఫిజియో:
అది వేరే విషయమండి. మీరు ఎత్తినా, ఇంకొకరు పట్టుకుని ఎత్తినా ఒకే చోట ఆగిపోతోందా? అయితే ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ వస్తుంది. డంబెల్ పట్టుకోకుండా ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి.

గాజువాక ఐరన్:
లెక్క ఒప్పుకుంటా. కానీ పైకెత్తాక చిటికెన వేలు పైకి తిప్పితే వంగకుండానే ఫ్రంట్ తప్పుకుంటుంది. ఎనిమిదేళ్లుగా అలాగే చేస్తున్నా.

సీతమ్మధార ఫిజియో:
తప్పుకుంటుంది, కాదనను. అలా తిప్పి భుజం ఎత్తు దాటించినప్పుడు లోపల నొక్కుకున్నట్టు కొందరికి నొప్పి వస్తుంది. మీకు రాలేదంటే మీ భుజానికి సరిపడిందన్నమాట. కొత్తవాళ్లకి మాత్రం నేను చెప్పను.

ఎంవీపీ కుర్రోడు:
వీడియో తీయించుకున్నా. ఆరో రెప్ నుంచి వెనక్కి వాలిపోతున్నాను, నాకు తెలియనే లేదు! ఇవాళ ఐదు కిలోలతో కొంచెం వంగి చేశా. పన్నెండో రెప్‌కి మంట భుజం పక్కన, కాస్త వెనగ్గా తెలిసింది. మెడ దగ్గర కూడా పట్టేసింది, ఎందుకు?

సీతమ్మధార ఫిజియో:
భుజాలు చెవుల దాకా లేపేస్తున్నారు, మెడ నుంచి భుజానికి వచ్చే ట్రాప్స్ కండలు లాగేస్తున్నాయి. మోచేతుల్ని పైకి కాదు, దూరంగా గోడల వైపు తోస్తున్నట్టు ఎత్తండి. భుజం ఎత్తుకి రాగానే ఆపేయండి. వంగేది కూడా నడుము గుండ్రంగా చేసి కాదు, పిరుదులు కాస్త వెనక్కి తోసి తుంటి దగ్గర వంగాలి. అప్పుడు డంబెల్స్ తొడల పక్కన కాకుండా కొంచెం ముందు వేలాడతాయి.

గాజువాక ఐరన్:
ఐదు కిలోలతో ఏం పెరుగుతుంది తమ్ముడూ? ఏడున్నరతోనే వాలకుండా ఐదు రెప్స్ చేసి ఆపు, సెట్లు పెంచు.

సీతమ్మధార ఫిజియో:
వెనక్కి వాలకపోతే అదీ పనికొస్తుంది. నేనైతే ఐదుతో పదిహేను రెప్స్ వాలకుండా వచ్చాకే బరువు పెంచమంటాను.