పేరు చెక్కించిన పలక తప్పుగా వచ్చింది, వాపస్ కుదరదంటున్నారు

పద్మ_ఇంటిపని: అమ్మ పేరు లక్ష్మి అని ఇత్తడి పలక మీద చెక్కమని ఆర్డర్ ఇచ్చాను. పెట్టె తెరిచి చూస్తే ఒత్తులన్నీ విడిపోయి లక్‌ష్‌మి అని ఉంది. పొల్లులు కూడా అక్షరాల నెత్తిన కొమ్ముల్లా నిలబడి ఉన్నాయి. ఫోన్ చేస్తే, "పేరు వేసినవి వాపస్ తీసుకోము, నిబంధనల్లోనే ఉంది" అన్నారు. అమ్మకి ఇంకా చూపించలేదు.

రవి77: అంతేనండి. మీ పేరుతో చేసింది ఇంకెవరికి అమ్ముకుంటారు? వదిలేయండి.

పాత_చెక్కుడు_పనివాడు: రవి గారు చెప్పిన కారణం నిజమే, కానీ అది సగమే. వాపస్ లేదనే నిబంధన మనసు మారి తిప్పి పంపేవాళ్ల కోసం. యూరప్‌లో 2011 నాటి వినియోగదారుల నిబంధనల్లో ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 14 రోజుల గడువు ఉంది, ప్రత్యేకంగా చేయించినవాటికి అది వర్తించదు. అయినా అడిగినట్టు చేయని వస్తువుకి బాధ్యత అమ్మినవాళ్లదే. పద్మ గారూ, మీరు టైప్ చేసిన పేరు, ఒప్పుకున్న నమూనా ఇంకా ఉన్నాయా?

పద్మ_ఇంటిపని: ఉన్నాయండి. నమూనా బొమ్మలో లక్ష్మి అని చక్కగానే ఉంది. అందుకే ఓకే నొక్కాను.

పాత_చెక్కుడు_పనివాడు: అయితే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోయింది. బ్రౌజర్‌కి ఒత్తులు కలపడం వచ్చు. చెక్కే మెషీన్ దగ్గర సాఫ్ట్‌వేర్ కొన్నింటికి రాదు, అవి అక్షరాలను విడివిడిగా పేర్చేస్తాయి. నేనైతే అక్షరాలను ముందే గీతలుగా మార్చి పంపేవాణ్ని, అప్పుడు విడిపోవు. డబ్బు వాపస్ అని మొదలుపెట్టకండి. ఆర్డర్, నమూనా, పలక ఫోటో మూడూ పక్కపక్కన పెట్టి, "ఒప్పుకున్న నమూనా ప్రకారం లేదు, మళ్లీ చేసివ్వండి" అని రాతలో అడగండి. పలకను మాత్రం వాడకండి, గోడకి బిగించకండి.

సుజాత_కుట్లు: నాదీ ఇలాంటిదే. కర్టెన్లు నాలుగు అంగుళాలు పొట్టిగా వచ్చాయి. కొలత పంపింది నేనే, పైన రాడ్ ఎత్తు కలపలేదు. ఎంత అడిగినా ఇవ్వలేదు, చాలా బాధేసింది.

పాత_చెక్కుడు_పనివాడు: బాధగానే ఉంటుందమ్మా. కానీ మీరిచ్చిన కొలతకే కుట్టారు కదా, అక్కడ వాళ్లను పట్టుకోవడం కష్టం. కింద వేరే గుడ్డ అంచు వేయించుకోవచ్చు.

రవి77: నేను తొందరపడ్డాను, సారీ పద్మ గారు. మరి "చూపిన దానికీ వచ్చిన దానికీ చిన్న తేడాలు ఉండొచ్చు" అని కింద రాసుకుంటే?

పాత_చెక్కుడు_పనివాడు: రంగు కాస్త తేడా వస్తే ఆ మాట నిలుస్తుంది. పేరే చదవలేకపోతే అది చిన్న తేడా అని ఎలా అంటారు? అక్షరం సైజు కాస్త తగ్గితే ఏమంటారో, అది నేనూ ఖాయంగా చెప్పలేను.

పద్మ_ఇంటిపని: ఫోటోలతో ఇప్పుడే మెయిల్ పెట్టాను. "మా సాంకేతిక విభాగం చూస్తుంది" అని జవాబు వచ్చింది. వాపస్ కుదరదన్న మాట మాత్రం ఈసారి లేదు.