‘దీపం కొండెక్కించు’ అంటే పైకి ఎగదోయమనా?

పెరంబూరు నుంచి అడుగుతున్నాను:
మొన్న కార్తీక పౌర్ణమి సాయంత్రం బాల్కనీలో తులసికోట ముందు మా అమ్మ 365 వత్తుల కట్టను నేతిలో తడిపి వెలిగించింది. కట్టంతా ఒక్కసారిగా అంటుకుని మంట జానెడు లేచింది. పైన పావురాల కోసం కట్టించిన నైలాన్ వల ఉంది. అమ్మ కంగారుగా "కొండెక్కించు, కొండెక్కించు!" అని అరిచింది. మా అమ్మాయి చెన్నైలోనే పుట్టి పెరిగింది. పుల్ల తీసుకుని వత్తుల్ని పైకి ఎగదోసింది. కట్ట విడిపోయి మంట మూరెడైంది. వలకి అరచేయంత చిల్లు పడింది. నేను నీళ్ల చెంబు అందుకుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, స్టీలు గిన్నె బోర్లించింది. "ఎక్కించమన్నారు, ఎక్కించాను, నా తప్పేంటి?" అంటోంది పిల్ల. ఏం చెప్పను?

మైలాపూర్ మాస్టారు:
పిల్లది తప్పు కాదమ్మా. ‘వత్తి ఎక్కించు’ అంటే వెలుగు పెంచమని, ‘దీపం కొండెక్కించు’ అంటే ఆర్పమని. మధ్యలో ‘కొండ’ వినబడకపోతే అంతే సంగతులు. ఇంట్లో ‘ఆరిపోయింది’ అనే మాట పలకడం పెద్దలకు ఇష్టం ఉండదు. ఆ మాట చావుకి వాడతాం కదా, ఇంటి దీపం ఆరిపోయిందని. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనడం, వెళ్తూ ‘వెళ్ళొస్తాను’ అనడం కూడా ఈ బాపతే.

అన్నానగర్ సోదరుడు:
కొండంటే తిరువణ్ణామలై అండీ. కార్తిగై దీపం కొండమీదే కదా వెలిగిస్తారు! మాట అక్కణ్ణుంచే వచ్చింది.

మైలాపూర్ మాస్టారు:
కొండమీద దీపం నిజమే నాయనా. కానీ అక్కడ కొండెక్కితే వెలుగుతుంది, మన మాటలో కొండెక్కితే ఆరుతుంది. పొసగడం లేదు. పైగా వాళ్ల కార్తిగై సౌరమాసం, మన కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడే మొదలు. తమిళంలో పూనకం దిగితే ‘సామి మలయేరిడుచ్చు’, అంటే సామి కొండెక్కాడు అంటారు, పాత రోజులు పోయాయనడానికి ‘అంద కాలం మలయేరి పోచ్చు’ అంటారు. వచ్చిన దేవుడు తన కొండకి తిరిగి వెళ్లాడన్న ఊహ కావచ్చు. అది నా ఊహే, ఆధారం చూపించలేను.

తాంబరం నుంచి ఒకరు:
ఉల్లిపాయల ధర కొండెక్కిందంటే మరి తగ్గిందనా? మా వీధి కొట్టువాడికి ఈ అర్థం చెప్పి చూస్తాను.

వలసరవాక్కం వదిన:
మా అమ్మమ్మ ‘దీపం ఘనం చెయ్యి’ అనేది. అదీ ఆర్పడమే. నా గొడవ వేరు. తెల్లవారుజామున చుక్కలుండగా స్నానం చేసి తులసి దగ్గర దీపం పెట్టి, వంటింట్లో పడతాను. దీపం దానంతటదే కొండెక్కాలి, మనం ఆర్పకూడదంటారు అత్తయ్య. పోయినేడు చిలుకు ద్వాదశికి గుచ్చిన ఉసిరి కొమ్మ ఎండి, ఓ రోజు దీపం మీదికి వాలింది. పొగ వాసన వస్తే పరిగెత్తాను.

మైలాపూర్ మాస్టారు:
మీ అత్తగారి మాటలో వ్యాకరణం ఉందమ్మా. కొండెక్కడం దీపం చేసే పని. కొండెక్కించడం మనం అవసరం కొద్దీ చేసేది. అందుకని దాన్ని ఆర్పే బదులు నూనె తగ్గించండి. మా ఇంట్లో ఒకసారి గడియారం పెట్టి చూశాను. రెండు టీస్పూన్లు పోస్తే గంటన్నర పైనే వెలిగింది. వత్తి లావును బట్టి మారుతుంది. మీరు అక్కడ అరగంటే ఉండేట్టయితే అర టీస్పూను చాలు. కొత్త మట్టి ప్రమిదను ముందు నీళ్లలో నానబెట్టండి, లేకపోతే ఉన్న కాస్త నూనె అదే పీల్చేస్తుంది. ఎండిన ఉసిరి కొమ్మను మర్నాడే తీసేయండి, తులసి ఎండు కంకులు తుంచేయండి.

పెరంబూరు నుంచి:
మరి తప్పనిసరిగా ఆర్పాల్సి వస్తే?

మైలాపూర్ మాస్టారు:
ఒక్క వత్తయితే పుల్లతో వెనక్కి, నూనెలోకి లాగండి. మునిగితే మంట పోతుంది. మీ పాప చేసినదానికి సరిగ్గా తిరగేసి అన్నమాట. 365 కట్టకి అది కుదరదు, మంట ఎత్తుగా ఉంటుంది. మీ అమ్మగారు చేసిందే సరి, మంటకన్నా పెద్ద గిన్నె బోర్లించి చల్లారేదాకా ఎత్తకూడదు. తొందరపడి ఎత్తితే మళ్లీ అంటుకోవచ్చు. నీళ్లు మాత్రం వద్దు. కాగిన నెయ్యిలో నీళ్లు అడుక్కి పోయి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నెయ్యిని మొహం మీదికి చిమ్ముతాయి.

అన్నానగర్ సోదరుడు:
అయినా నాకు తిరువణ్ణామలైయే కరెక్టనిపిస్తోంది.

పెరంబూరు నుంచి:
పిల్లకి చదివి వినిపించాను. "అయితే వచ్చే ఏడు ‘గిన్నె బోర్లించు’ అని చెప్పండి, కొండలూ గుట్టలూ వద్దు" అంది. వాళ్ల బామ్మ ఒప్పుకోలేదు. వల మాత్రం తులసికోట పైన ఉన్నంత మేరా కోయించేశాం.