ఓనర్ గారు ఏడాది బిల్లుల ఎక్సెల్ ఇచ్చి "అనలైజ్ చెయ్" అన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన వ్యక్తి, తెనాలి: అందరికీ నమస్కారం. నేను ఒక మెడికల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. ఓనర్ గారు ఏడాది బిల్లులన్నీ ఎక్సెల్‌లో ఇచ్చి, "ఇది కాస్త అనలైజ్ చేసి సోమవారానికి ఇవ్వు" అన్నారు. బిల్లు నంబర్, తేదీ, టైమ్, మందు పేరు, మొత్తం ఉన్నాయి. ఏం చార్టులు వేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఎక్సెల్ నేర్పే మాస్టారు: పివట్ టేబుల్ పెట్టండి. నెలవారీ అమ్మకాలు, ఎక్కువ అమ్ముడైన 20 మందులు, వారంలో ఏ రోజు రద్దీ. ఇవి ఏ షాపుకైనా పనికొస్తాయి. అందంగా ఒక పేజీలో పెడితే ఓనర్ సంతోషిస్తారు.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: మాస్టారు చెప్పినవి తప్పు కాదు, డేటా ఎలా ఉందో మీకు అర్థం కావడానికి అరగంట అవి చూడండి. కానీ అవే ఇస్తే ఆయన "బాగుంది" అని పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే ఎక్కువగా ఏ మందు పోతుందో కౌంటర్‌లో ఉండే ఆయనకు ముందే తెలుసు. ఈ లెక్క చూసి ఆయన ఏం మార్చాలనుకుంటున్నారో ముందు అడగండి.

ఫ్యాన్సీ షాపు నడిపేవారు: మా దగ్గర స్టాక్ మిగిలిపోవడమే సమస్య అండీ. నెయిల్ పాలిష్‌లు ఎండిపోతున్నాయి. దానికి ఏ రిపోర్ట్ తీయాలి?

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: మీకు కావాల్సింది అమ్మకాల బిల్లులు కాదండీ, కొన్న తేదీలతో ఉన్న స్టాక్ లిస్ట్. వేరే పోస్ట్ పెట్టండి, అక్కడ వివరంగా చెప్తాను.

అడిగిన వ్యక్తి, తెనాలి: "ఎందుకు సార్" అని అడిగితే పని రాదనుకుంటారేమో అన్నా.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: ఉత్తి "ఎందుకు" అని అడగొద్దు తమ్ముడూ. మీ ఊహలు రెండు మూడు పట్టుకెళ్లండి. "సార్, స్టాక్ తగ్గించే ఆలోచనా, డిస్కౌంట్ మార్చే ఆలోచనా, షాపు టైమ్ మార్చే ఆలోచనా? ఒక్కోదానికి ఒక్కో లెక్క తీయాలి" అనండి. ఆయన ఒకటి ఎంచుకోగానే రెండో ప్రశ్న వేయండి: "ఎంత వస్తే మారుస్తారు?" ఆ అంకె లెక్క తీయకముందే తేలాలి. తర్వాత అడిగితే, వచ్చిన అంకె ఏదైనా ఆయన ముందే అనుకున్నదానికి సరిపోయినట్టే కనిపిస్తుంది.

అడిగిన వ్యక్తి, తెనాలి: అడిగాను. షాపు రాత్రి 10కి మూస్తున్నాం, 12 దాకా తెరవాలా అన్నది ఆయన ఆలోచనట! రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ లేకుండా చీటీ మందులు ఇవ్వకూడదు కాబట్టి ఆయనకు అదనపు జీతం, ఒక హెల్పర్, కరెంటు కలిపి నెలకు 18,000 అవుతుందన్నారు. డిస్కౌంట్ పోను మార్జిన్ 15 శాతం.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: ఇప్పుడు పని చిన్నదైపోయింది. 18,000 మార్జిన్ రావాలంటే నెలకు 1,20,000 అమ్మాలి, అంటే ఆ రెండు గంటల్లో రోజుకు 4,000. టైమ్ C కాలమ్‌లో ఉంటే ఈ ఫార్ములాతో గంట విడిగా వస్తుంది:

```
=HOUR(C2)
```

రాత్రి 8 నుంచి గంటగంటకూ రోజు సగటు ఎంతో చూడండి.

అడిగిన వ్యక్తి, తెనాలి: 8–9 మధ్య 6,200, 9–10 మధ్య 3,900 వచ్చింది. ఇదే తీరున తగ్గితే 10 నుంచి 12 దాకా కలిపి సుమారు 4,000. సరిగ్గా గీత మీద ఉంది.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: 9.45 తర్వాతి బిల్లులు ఒకసారి తెరిచి చూడండి. నంబర్లు వరసగా ఉండి నిమిషానికి ఒకటి చొప్పున పడ్డాయా? రద్దీలో చేత్తో రాసినవి మూసేముందు ఎక్కిస్తే అలాగే కనిపిస్తాయి. అప్పుడు ఆ టైమ్ కస్టమర్ వచ్చిన టైమ్ కాదు.

అడిగిన వ్యక్తి, తెనాలి: నిజమే అన్నా! అవి తీసేస్తే 9–10 మధ్య 2,900 మాత్రమే మిగిలింది.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: తీసేసినవాటిలో చాలావరకు 8–9 మధ్యవే అయ్యుంటాయి. అంటే అమ్మకం మనం అనుకున్నదానికన్నా వేగంగా పడిపోతోంది. 10 తర్వాత రెండు గంటలకూ కలిపి ఆ 2,900 రావడమే కష్టం. పైగా బీపీ మాత్రలకు రాత్రి వచ్చే మనిషి, షాపు మూసి ఉంటే పొద్దున వచ్చి కొంటాడు, అది కొత్త అమ్మకం కాదు. ఈ డేటా ప్రకారం తెరవొద్దనే నేనంటాను.

నర్సింగ్ హోమ్ పక్కన షాపు ఉన్నవారు: తొందరపడకండి. మూసి ఉన్న షాపు దగ్గరికి వచ్చి వెళ్లిపోయినవాళ్లకి బిల్లే ఉండదు కదా. మా దగ్గర 9కి పడిపోయి, 11కి అడ్మిషన్లతో మళ్లీ లేస్తుంది.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: ఈ మాట ఒప్పుకుంటాను. తమ్ముడూ, మీ దగ్గర్లో రాత్రి కేసులు తీసుకునే ఆసుపత్రి ఉందా? ఉంటే నా లెక్క చెల్లదు.

అడిగిన వ్యక్తి, తెనాలి: రెండు వీధుల అవతల ఒకటుంది. వాళ్లకు సొంత ఫార్మసీ ఉంది కానీ రాత్రిపూట ఉంటుందో లేదో కనుక్కోవాలి. సోమవారం లోపు 10 తర్వాత వచ్చి వెళ్లేవాళ్లని వాచ్‌మన్ చేత రాయిస్తే సరిపోతుందా?

నర్సింగ్ హోమ్ పక్కన షాపు ఉన్నవారు: షట్టర్ దాకా వచ్చినవాళ్లే ఆయనకు కనపడతారు. లైట్లు ఆరిపోయాయని రోడ్డు మీంచే వెళ్లిపోయేవాళ్లు ఆ లెక్కలోకి రారు. నెల రోజులు తెరిచి చూడటమే మేలు.

చైన్ స్టోర్లలో డేటా పని చేసినవారు: తెరిచారని జనానికి తెలియడానికే నెల పడుతుందండీ. ముందు ఆ ఫార్మసీ సంగతి కనుక్కోనివ్వండి. సోమవారానికి 4,000 గీత, 2,900 అంకె, తెలియని ఈ ఒక్క విషయం రాసిచ్చినా చాలు.