వెల్ష్ 'హిరైథ్'కి మన 'బెంగ' సరిపోతుందా?

కలం_కాగితం: ఒక వెల్ష్ కథని తెలుగు చేస్తున్నాను. 'హిరైథ్' అనే మాట అందులో పదే పదే వస్తోంది. నెట్‌లో ఎక్కడ చూసినా అది ఏ భాషలోకీ రాదని, మామూలు ఇంటి బెంగ కాదని రాశారు. నేను 'బెంగ' అని పెట్టేస్తే తప్పవుతుందా?

సముద్రపు_గాలి: తప్పేనండీ. బెంగ ఊరెళ్తే తీరిపోతుంది. హిరైథ్ తిరిగి వెళ్లలేని ఇంటి కోసం, ఆ మాటకొస్తే ఎన్నడూ లేని ఇంటి కోసం పడే తపన. అది తీరేది కాదు. నాస్టాల్జియా కూడా కాదు, ఎందుకంటే అందులో తీపి ఎక్కువ.

బాలా_పక్క_ఊరు: 'తీరేది కాదు' అన్నది చాలాసార్లు నిజమే. 'ఎన్నడూ లేని ఇల్లు' మాత్రం ఇంగ్లీషు వెబ్‌సైట్లలో పుట్టిన ముచ్చట. ఉత్తర వేల్స్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడి భాష నేర్చుకున్నాను. క్యాంపుకి వెళ్లిన పిల్లాడు మొదటి రాత్రి అమ్మ కావాలని ఏడిస్తే, వాడికి పట్టుకున్నదీ హిరైథే. శనివారం ఇంటికొచ్చేసరికి పోతుంది. కాబట్టి ఇంటి బెంగ ఆ మాటలో ఉంది.

తేడా వేరేచోట ఉంది. ఇక్కడి పత్రికల్లో చనిపోయినవాళ్లని తలుచుకుంటూ ఇంటివాళ్లు వేసుకునే చిన్న ప్రకటనలు చూడండి. భర్త పోయి ఏళ్లయిన మనిషి కూడా అందులో హిరైథ్ అనే రాస్తుంది. ఊరికి దూరమైతే ఒక మాట, మనిషి పోతే ఇంకో మాట అని వాళ్లు విడదీయరు. ఇంగ్లీషువాళ్ల 'హోమ్‌సిక్‌నెస్'లో చావుకి చోటు లేదు. నాస్టాల్జియా అయితే 1688లో హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి జబ్బుకి పెట్టిన పేరు. పరాయి దేశంలో చిక్కిపోతున్నవాళ్లకి ఆయన చెప్పిన మందు ఇంటికి పంపించెయ్యడమే. ఆ తర్వాత ఆ మాట గడిచిన కాలం మీదికి మళ్లింది.

ఎవరు కట్టారో తెలియని పాత వెల్ష్ పాట ఒకటుంది. హిరైథ్‌ని ఏ గుడ్డతో నేశారు, ఎంత కట్టినా చిరగదేం అని పండితుల్ని అడుగుతుంది. బంగారం, వెండి, పట్టు అన్నీ అరిగిపోతాయి, ఇది మాత్రం పోదంటుంది. అందులో ఇల్లు, ఊరు అన్న ఊసే రాదు, గమనించండి.

కృష్ణ_ఒడ్డు: నష్టపరిహారం సంగతి కూడా ఎవరైనా మాట్లాడితే బాగుణ్ణు. మాది శ్రీశైలం ముంపు ఊరు. వేసవిలో నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, అందరూ చూడ్డానికి వెళ్తారు. మా అమ్మ రాదు. 'అక్కడ నా గడప కనబడదు కదరా, ఎందుకు రావడం' అంటుంది. దీన్నేమంటారు మరి?

బాలా_పక్క_ఊరు: పరిహారం గురించి నేను చెప్పగలిగింది లేదు అన్నగారూ. కానీ మీ అమ్మగారి మాట ఇక్కడివాళ్లకి వివరించక్కర్లేదు. మా దగ్గర్లోనే కాపెల్ కెలిన్ అనే ఊరుండేది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌కి నీళ్ల కోసం అక్కడ ఆనకట్ట కట్టేలా 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటెయ్యలేదు, అయినా చట్టం ఆగలేదు. 1965కల్లా బడి, ప్రార్థనా మందిరం, పోస్టాఫీసు, పొలాలు అన్నీ నీళ్ల కింద. లివర్‌పూల్ నగరపాలక సంస్థ క్షమాపణ చెప్పింది 2005లో. ఆ ఊరి గురించి మాట్లాడేటప్పుడు హిరైథ్‌లో కోపం కూడా కలుస్తుంది. నాస్టాల్జియా అన్నారంటే నొచ్చుకుంటారు.

సముద్రపు_గాలి: అంటే నేనన్నదే కదా, తిరిగి వెళ్లలేని ఇల్లు!

బాలా_పక్క_ఊరు: ఆ ఊరి విషయంలో అవునండీ. ఆ మాట అర్థమే అది అనడం దగ్గరే నాకు పేచీ.

పాలమూరు_పోరడు: మా దిక్కు 'రంది' అంటం. కొడుకు బొంబాయి పోతే తల్లికి రంది, మొగడు సచ్చిపోతే పెండ్లానికి రంది. రెండింటికీ ఒక్కటే మాట. మీరు చెప్పింది ఇదే కదా సార్?

బాలా_పక్క_ఊరు: చాలా దగ్గరికొచ్చారు తమ్ముడూ. అయితే అప్పు తీరలేదని కూడా రంది పెట్టుకుంటాం కదా? హిరైథ్ అలాంటి చింతకి రాదు. పోయినదాని మీదో దూరమైనదాని మీదో ప్రేమ ఉండాలి.

కలం_కాగితం: కథలో రెండు చోట్లే చిక్కు. ఒకచోట పట్నంలో చదువుకుంటున్న కుర్రాడు, ఇంకోచోట వాళ్ల నానమ్మ, పోయిన తాతయ్య కుర్చీ తుడుస్తూ. కుర్రాడికి 'బెంగ' పెట్టేశాను. నానమ్మ దగ్గర 'దుఃఖం' అని రాసుకున్నాను.

బాలా_పక్క_ఊరు: అలా చేస్తే మనవడిదీ నానమ్మదీ ఒకటే బాధ అని కథకుడు పెట్టిన ముడి తెగిపోతుంది. ఇద్దరికీ ఒకే మాట ఉంచండి. 'తాతయ్య మీద బెంగ తీరలేదు' అంటే మనకి అర్థం కాకుండా పోతుందా?

పాలమూరు_పోరడు: ముసలామెకు బెంగ అంటే చిన్నపిల్ల లెక్క ఉంటది సార్. రందే పెట్టుండ్రి, ఇద్దరికీ.

కలం_కాగితం: నానమ్మ పేరా రెండు రకాలుగానూ రాసి రేపు ఇక్కడే పెడతాను. చదివి చెప్పండి.